రెండర్ డ్రాయింగ్‌కు ఎందుకు తేడాగా ఉందో ఇంటి యజమానికి ఈమెయిల్‌లో ఎలా వివరించాలి

కట్టబోయే ఇంటికి కంప్యూటర్ మోడల్ నుంచి తీసి మీరు పంపిన చిత్రాన్ని, అంటే రెండర్‌ను, ఇంటి యజమాని ఇంజనీరు గీసిన ఎలివేషన్ కాగితం పక్కన పెట్టి చూసి, "ఇందులో ఉన్నది అందులో లేదే" అని అడిగితే, ఫోన్‌లో అప్పటికప్పుడు చెప్పే సమాధానం చాలదు. ఆయన ఆ చిత్రాన్ని అప్పటికే మేస్త్రీకీ వడ్రంగికీ పంపి ఉంటారు. చిత్తూరులో నేను చేసిన తొలి పనుల్లో ఒకదానిలో, సైటులోని సిమెంటు షెడ్డు గోడకు నా రెండర్ ప్రింటు అంటించి ఉండటం, వడ్రంగి దానిని చూసి కిటికీకి రెండే రెక్కలు చేయడం స్వయంగా చూశాను. డ్రాయింగ్‌లో ఆ కిటికీకి మూడు రెక్కలున్నాయి. ఆ తేడాను నేను యజమానికి ఫోన్‌లో చెప్పాను, కానీ ఆ మాట వడ్రంగి దాకా వెళ్లలేదు. అందువల్ల, ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు ఏయే తేడాలున్నాయో, ప్రతి తేడాకు కారణమేమిటో, కట్టేటప్పుడు దేనిని పాటించాలో ఒకే ఈమెయిల్‌లో రాసి పంపడం నా పద్ధతి. ఆ ఈమెయిల్‌ను ఎలా సిద్ధం చేయాలో ఒక ఇంటి ఉదాహరణతో వివరిస్తాను.

ఆ ఇల్లు తిరుపతిలో 30 అడుగుల రోడ్డు మీద ఉత్తర ముఖంగా ఉందనుకోండి. గ్రౌండ్ ఫ్లోర్, దానిపైన మరో అంతస్తు, మేడ మీద మెట్లను కప్పే చిన్న గది, అంటే హెడ్‌రూమ్ ఉన్నాయి. హెడ్‌రూమ్ గోడకు జాలీ పని, దాని చుట్టూ రాతి పలకలు వేయాలని ఇంజనీరు ఎలివేషన్‌లో ముచ్చటగా గీశారు. మీరు రోడ్డు అవతలి అంచు నుంచి చూసినట్లు రెండర్ చేసి పంపారు. యజమాని అడిగిన ప్రశ్న ఒక్కటే: "హెడ్‌రూమ్ ఎందుకు తీసేశారు?"

ముందుగా, ఏ డ్రాయింగ్‌తో పోలుస్తున్నారో తెలుసుకోండి

ఒకే ఇంటికి రెండు రకాల డ్రాయింగులు ఉండటం మామూలే. ఆమోదం కోసం నగరపాలక సంస్థకో తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ అయిన తుడాకో సమర్పించిన ప్లాన్ ఒకటైతే, ఆ తర్వాత కుటుంబంలో జరిగిన చర్చలను బట్టి, వాస్తు చూసినవారి మాటను బట్టి ఇంజనీరు మార్చి ఇచ్చిన వర్కింగ్ డ్రాయింగ్ మరొకటి. యజమాని చేతిలో మొదటిది, మీ కంప్యూటర్‌లో రెండవది ఉంటే, మీరెంత వివరించినా ఇద్దరూ వేర్వేరు కాగితాల గురించి మాట్లాడుతున్నట్లే అవుతుంది. కాబట్టి ఆయన చూస్తున్న షీటును ఫోటో తీసి పంపమని అడగండి. షీటు మూలలో ఉండే పట్టీలో షీటు నంబరు, రివిజన్ నంబరు, తేదీ ఉంటాయి. ఆ మూడూ మీ దగ్గరున్న ఫైలుతో సరిపోతేనే తర్వాతి పనికి వెళ్లండి. సరిపోకపోతే ఈమెయిల్ అక్కడితోనే చిన్నదైపోతుంది: నేను ఫలానా రివిజన్ ప్రకారం చేశాను, మీ దగ్గరున్నది ఫలానా రివిజన్, ఏది తుదిదో ఇంజనీరుగారితో మాట్లాడి చెప్పండి అని రాస్తే చాలు. మన ఉదాహరణలో రెండూ ఒకటే రివిజన్ అనుకుందాం.

మోడల్‌ను డ్రాయింగ్ మీద పెట్టి చూడండి

ఇప్పుడు తేడా మోడల్‌లో ఉందా, చూపులో ఉందా అన్నది తేల్చాలి. ఎలివేషన్ అనేది ఏ మనిషీ ఏ చోటు నుంచీ చూడగలిగిన దృశ్యం కాదు. ముందున్న గోడనూ, పది అడుగులు వెనుకనున్న గోడనూ ఒకే తలం మీద ఉన్నట్లు, దూరం అనేదే లేనట్లు గీసేదే ఎలివేషన్. రెండర్‌లో మాత్రం కెమెరా ఒక చోట నిలబడి చూస్తుంది కనుక దూరమైనది చిన్నదవుతుంది, ముందున్నది వెనకున్నదాన్ని కప్పేస్తుంది. ఈ రెండింటినీ నేరుగా పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

పోల్చాలంటే మోడల్‌ను కూడా ఎలివేషన్ లాగే చూడాలి. బ్లెండర్‌లో కెమెరా `Type` దగ్గర `Orthographic` ఎంచుకోండి. స్కెచప్‌లో `Camera` మెనూలో `Parallel Projection` పెట్టి ముందు వైపు చూపును తీసుకోండి. అలా వచ్చిన చిత్రం మీద ఇంజనీరు ఎలివేషన్‌ను సగం పారదర్శకంగా పరచి, నేల గీతనూ ఒక గోడ అంచునూ కలపండి. గీతలన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే ఆ వైపు మోడల్ సరిగానే ఉంది. ఎక్కడైనా పక్కకు జరిగితే అక్కడ ఏదో ఒక పొరపాటో, విడిచిపెట్టిన ప్రశ్నో ఉంది.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు, కానీ ముందు ఎలివేషన్ సరిపోయినంత మాత్రాన మోడల్ మొత్తం సరిపోయినట్లు కాదు. ముందు నుంచి చూసినప్పుడు సజ్జ ఎంత వెడల్పుందో తెలుస్తుంది గాని, గోడ నుంచి ఎంత బయటికి వచ్చిందో తెలియదు. కాబట్టి ఇంటిని నిలువునా కోసినట్లు చూపే సెక్షన్ డ్రాయింగ్‌ను కూడా పక్క వైపు నుంచి ఇదే విధంగా పరచి చూడండి. మన ఉదాహరణలో ముందు వైపు పరిచినప్పుడు హెడ్‌రూమ్ అంగుళం తేడా లేకుండా కూర్చుంది, అంటే దానిని ఎవరూ తీసేయలేదు. కానీ హాలు కిటికీ ఎలివేషన్‌లో కన్నా సన్నగా వచ్చింది. సెక్షన్ పరిచినప్పుడు సజ్జ ఆరు అంగుళాలు పొట్టిగా తేలింది. యజమాని ఒక ప్రశ్నే అడిగినా మీకు ఇప్పుడు మూడు తేడాలు దొరికాయి. ఆయన కనిపెట్టని రెండింటినీ కూడా ఈమెయిల్‌లో చెప్పాలన్నది నా దృఢమైన అభిప్రాయం, ఎందుకంటే కిటికీ చట్రానికి బయానా ఇచ్చాక తేలే తేడా ఖరీదు ఇప్పుడు తేలే తేడా ఖరీదు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

చూపు వల్ల వచ్చిన తేడాను లెక్కతో చూపండి

హెడ్‌రూమ్ విషయం యజమానికి అర్థమయ్యేలా చెప్పాలంటే "అది పర్‌స్పెక్టివ్ వల్ల సార్" అన్న మాట పనికిరాదు. ఆ మాట విన్నవారికి తప్పించుకుంటున్నారన్న అనుమానం మిగులుతుంది. దానికి బదులు ఆయన తన రోడ్డు మీద తానే నిలబడినట్లు ఊహించుకునేలా లెక్క చెప్పండి.

రోడ్డు 30 అడుగులు, ఇంటి ముందు వదిలిన ఖాళీ 5 అడుగులు. కాబట్టి అవతలి అంచున నిలబడిన మనిషికీ ఇంటి ముందు గోడకూ మధ్య 35 అడుగులు ఉంటుంది. ఆ మనిషి కంటి ఎత్తు 5 అడుగులు. బేస్‌మట్టం 2 అడుగులు, రెండు అంతస్తులు పదేసి అడుగులు కలిపి మేడ 22 అడుగుల ఎత్తులో ఉంటుంది. దానిపై పిట్టగోడ 3 అడుగులు, అంటే పిట్టగోడ తల 25 అడుగులు. హెడ్‌రూమ్ మేడ మీద 8 అడుగులు లేస్తుంది కనుక దాని తల 30 అడుగులు. ఎలివేషన్‌లో పిట్టగోడ పైన 5 అడుగుల హెడ్‌రూమ్ కనిపించడానికి కారణం ఇదే. అయితే హెడ్‌రూమ్ పిట్టగోడకు 10.5 అడుగులు వెనుకన ఉందన్న సంగతి ప్లాన్‌లోనే కనిపిస్తుంది, ఎలివేషన్‌లో కనిపించదు.

ఇప్పుడు కంటి నుంచి పిట్టగోడ తల మీదుగా ఒక తాడు లాగినట్లు ఊహించండి. ఆ తాడు 35 అడుగుల దూరంలో 20 అడుగులు పైకి లేస్తుంది. అదే వాలుతో మరో 10.5 అడుగులు వెనక్కి పోతే ఇంకో 6 అడుగులు లేచి, హెడ్‌రూమ్ గోడ దగ్గర 31 అడుగుల ఎత్తులో ఉంటుంది. హెడ్‌రూమ్ తల 30 అడుగులే కాబట్టి, అది తాడుకు ఒక అడుగు కిందనే ఉండిపోతుంది. అంటే ఇల్లు కట్టిన తర్వాత కూడా యజమాని ఆ రోడ్డు అంచున నిలబడితే హెడ్‌రూమ్‌ను చూడలేరు. అది కొద్దికొద్దిగా కనబడటం మొదలు కావాలంటే గోడకు 42 అడుగులకన్నా దూరం పోవాలి, ఆ దూరంలో ఎదురింటి వరండా ఉంటుంది. ఎదురింటి ముందు కూడా 5 అడుగుల ఖాళీ ఉండి, దాని మొదటి అంతస్తు బాల్కనీ అంచున ఎవరైనా నిలబడి 17 అడుగుల ఎత్తు నుంచి చూస్తే, హెడ్‌రూమ్ పైభాగం దాదాపు 3 అడుగుల మేర కనిపిస్తుంది.

ఈ లెక్కకు ఒక చిన్న బొమ్మ జతచేయండి. పక్క నుంచి గీసిన రోడ్డు, మనిషి, పిట్టగోడ, హెడ్‌రూమ్, వాటి మీదుగా ఒక ఎర్ర గీత ఉంటే చాలు. ఇందులో యజమానికి నిజంగా ఉపయోగపడే సమాచారం కూడా ఉంది. రోడ్డు మీద నుంచి ఎవరికీ కనిపించని గోడకు జాలీ పనీ రాతి పలకలూ వేయించాలా వద్దా అన్నది ఆయన ఇప్పుడే ఆలోచించుకోవచ్చు. ఆ నిర్ణయం ఆయనదీ ఇంజనీరుదీ. మనం సంగతి చెప్పి ఊరుకోవాలి.

ఒక జాగ్రత్త. ఈ తేడాను లెన్స్ మీదికి తోయకండి. ఏది దేనిని కప్పుతుందన్నది కెమెరా నిలబడిన చోటును బట్టి నిర్ణయమవుతుంది. అదే చోట నిలబడి లెన్స్ మార్చితే దృశ్యంలో ఎంత భాగం పడుతుందన్నది మారుతుందే గాని, హెడ్‌రూమ్ బయటికి రాదు. మరీ వెడల్పు లెన్స్ వాడితే చిత్రం అంచుల్లో ఉన్న పోర్టికో స్తంభాలు సాగినట్లు కనబడతాయి, అది వేరే తేడా. కాస్త తెలిసిన ఇంజనీరు కాపీలో ఉన్నప్పుడు "లెన్స్ వల్ల" అని రాస్తే మిగిలిన ఈమెయిల్ మీద కూడా ఆయనకు నమ్మకం తగ్గుతుంది.

డ్రాయింగులే ఒకదానితో ఒకటి పొసగనప్పుడు

హాలు కిటికీ సంగతి చూద్దాం. ప్లాన్‌లో దాని వెడల్పు 5 అడుగులని అంకె వేసి ఉంది. తలుపులు, కిటికీల పట్టికలో కూడా 5 అడుగులే. ఎలివేషన్‌లో అంకె లేదు గాని, ఫైలులో గీతను కొలిస్తే 6 అడుగులు వస్తుంది. మీరు ప్లాన్‌ను అనుసరించి 5 అడుగులు పెట్టారు. అంకె వేసిన కొలతకు, గీతను కొలిచి తీసిన కొలత కన్నా ఎక్కువ విలువ ఇవ్వాలన్నది డ్రాయింగులు చదివేవారందరూ పాటించే నియమం కనుక మీరు చేసింది సరైనదే. మీ పొరపాటు ఒక్కటే: ఆ రోజే ఈ సంగతి అడగకుండా మీరే తేల్చేసుకోవడం. ఆ మాటను కూడా ఈమెయిల్‌లో ఒక వాక్యంలో ఒప్పుకోండి.

ఈమెయిల్ పంపే ముందు ఇంజనీరుకు ఫోన్ చేయండి. తన షీట్లలో తేడా ఉందన్న మాటను ఆయన మొదటిసారి యజమానికి వెళ్లిన ఈమెయిల్ కాపీలో చదవకూడదు. తిరుపతి లాంటి ఊళ్లో అదే ఇంజనీరుతో మీరు మళ్లీ పని చేస్తారన్నది ఒక కారణమైతే, అంతకన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. ఆయన 6 అడుగులు కావాలనే గీసి, ప్లాన్‌లో అంకె మార్చడం మరిచిపోయి ఉండవచ్చు. ఆ సంగతి ఆయనకు తప్ప మరెవరికీ తెలియదు. ఈమెయిల్‌లో రాసేటప్పుడు "ఎలివేషన్‌లో తప్పు ఉంది" అనకండి, "రెండు షీట్లలో రెండు కొలతలు ఉన్నాయి" అనండి. మొదటి వాక్యం తీర్పు చెబుతుంది, మీకు ఆ అధికారం లేదు. రెండవ వాక్యం మీరు చూసినదాన్ని మాత్రమే చెబుతుంది.

మీ పొరపాటును పొరపాటనే రాయండి

సజ్జ సెక్షన్‌లో 2 అడుగులు, మీ మోడల్‌లో ఒకటిన్నర అడుగు. పాత పనిలోని సజ్జను తెచ్చి పెట్టుకుని కొలత మార్చడం మరిచిపోయారు. దీనికి సంజాయిషీ ఏమీ లేదు. "సజ్జ విషయంలో పొరపాటు నాది, సెక్షన్‌లో ఉన్న 2 అడుగులే సరైన కొలత, సవరించిన చిత్రం ఉచితంగా పంపుతాను" అన్న మూడు మాటలు చాలు. దీనిని చూపు వల్ల వచ్చిన తేడాతో కలిపి ఒకే పేరాలో రాయాలన్న ఆశ కలుగుతుంది, ఎందుకంటే అక్కడ అది అంతగా కనబడదు. అలా చేయకండి. ఒక పేరాలో ఉన్న రెండు కారణాల్లో ఒకటి మీ తప్పని తెలిసిన యజమాని, రెండవదాన్ని కూడా నమ్మడం మానేస్తారు. అప్పుడు హెడ్‌రూమ్ లెక్క ఎంత సరైనదైనా వృథా.

అందం కోసం చేసినవి

ఆ రెండర్‌లో ఇంకో రెండు సంగతులున్నాయి. మధ్యాహ్నపు ఎండ ఇంటి ముందు గోడ మీద నిండుగా పడుతోంది. ఇంటి వెనుక తిరుమల కొండలు కనిపిస్తున్నాయి. యజమానికి రెండూ నచ్చాయి. రెండూ నిజం కావు.

కొండలు తిరుపతికి ఉత్తరాన ఉన్నాయి. ఉత్తర ముఖంగా ఉన్న ఇంటిని రోడ్డు మీద నుంచి చూసేవారు దక్షిణం వైపు చూస్తుంటారు కనుక కొండలు వారి వీపు వెనుక ఉంటాయి, ఇంటి వెనుక ఉండవు. ఇక ఎండ విషయానికొస్తే, తిరుపతి ఉత్తర అక్షాంశం 13.6 డిగ్రీల దగ్గర ఉంది. డిసెంబరు చివర మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు సుమారు 53 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, కాబట్టి ఉత్తరపు గోడ పూర్తిగా నీడలో ఉంటుంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడుమ వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా వస్తాడు గాని, జూన్ చివర కూడా నడినెత్తికి పది డిగ్రీలే ఒరుగుతాడు. అప్పుడు ఎండ గోడను పైనుంచి రాసుకుంటూ దిగుతుంది, సజ్జ నీడ గోడ పొడవునా సాగుతుంది. నిండుగా పడటమన్నది ఉండదు. ముందు వైపు చక్కటి ఏటవాలు వెలుగు కావాలంటే జూన్ సాయంత్రం 5 గంటలను ఎంచుకోండి. అప్పుడు సూర్యుడు పడమటికి 20 డిగ్రీలు ఉత్తరంగా, 22 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆ వెలుగు ఆ ఇంటికి నిజంగానే వస్తుంది, చిత్రమూ బాగుంటుంది.

రంగు గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. బ్లెండర్ 4.0 నుంచి రంగులను తెర మీద చూపే తీరుకు `AgX` అనే అమరిక ముందుగానే ఎంచి ఉంటుంది. దానిలో తెల్ల గోడ కాస్త బూడిదగా, ముదురు ఎరుపు కాస్త వెలిసినట్లు వస్తుంది. ఆపైన ఒక్కో ఫోన్ తెర ఒక్కో తీరులో చూపిస్తుంది. పెయింట్ షేడ్ కార్డు నంబరు రాసి, గోడ మీద రెండడుగుల చదరంలో నమూనా వేయించి చూసుకోమని చెబితే సరిపోతుంది.

ఇప్పుడు ఈమెయిల్ రాయండి

వరుస ఇలా ఉండాలి. యజమాని అడిగిన ప్రశ్నకు ముందు సమాధానం ఇవ్వండి, ఎందుకంటే అది దొరికేదాకా ఆయన మిగిలింది చదవరు. తర్వాత ఆయన నిర్ణయం కావలసినది, ఆ తర్వాత మీ పొరపాటు, చివరికి అందం కోసం చేసినవి. ప్రతి తేడాకూ డ్రాయింగ్‌లో ఏముందో, చిత్రంలో ఏముందో, కారణమేమిటో, కట్టేటప్పుడు దేనిని పాటించాలో తప్పనిసరిగా రాయండి. ఈ నాలుగింటిలో చివరిదే ఎక్కువమంది మరిచిపోయేది. ఈమెయిల్ పైన "విషయం" దగ్గర "రెండర్ గురించి" అని రాయకుండా, చదవగానే పని తెలిసేలా రాయండి.

> విషయం: రెండర్ 2 – డ్రాయింగ్‌కు ఉన్న తేడాలు – హాలు కిటికీ కొలతపై శుక్రవారంలోగా మీ నిర్ణయం కావాలి
>
> గౌరవనీయులైన సార్‌కు నమస్కారం.
>
> హెడ్‌రూమ్ ఎందుకు కనబడలేదని మీరు నిన్న అడిగారు. హెడ్‌రూమ్‌ను మోడల్ నుంచి తీసివేయలేదు. అది డ్రాయింగ్ ప్రకారమే 30 అడుగుల ఎత్తులో ఉంది. ఎలివేషన్ డ్రాయింగ్‌లో దూరం లెక్కలోకి రాదు కాబట్టి అది పిట్టగోడ పైన 5 అడుగులు కనిపిస్తుంది. కానీ అది పిట్టగోడకు 10.5 అడుగులు వెనుకన ఉండటం వల్ల, మన రోడ్డు అవతలి అంచున నిలబడి చూసేవారికి పిట్టగోడ దానిని పూర్తిగా కప్పివేస్తుంది. ఇల్లు పూర్తయ్యాక కూడా అక్కడి నుంచి ఇలాగే కనిపిస్తుంది. జతచేసిన మొదటి బొమ్మలో దీనిని గీసి చూపాను. ఎదురింటి మొదటి అంతస్తు బాల్కనీ నుంచి చూసినట్లు చేసిన రెండవ చిత్రంలో హెడ్‌రూమ్ పైభాగం కనిపిస్తుంది. కట్టేటప్పుడు డ్రాయింగ్‌నే పాటించాలి. హెడ్‌రూమ్ ముందు గోడకు అనుకున్న జాలీ, రాతి పలకల గురించి ఈ సంగతి దృష్టిలో ఉంచుకుని ఇంజనీరుగారితో ఒకసారి మాట్లాడవలసిందిగా కోరుతున్నాను.
>
> హాలు ముందు కిటికీ విషయంలో మీ నిర్ణయం అవసరం. ప్లాన్‌లోను, కిటికీల పట్టికలోను దాని వెడల్పు 5 అడుగులని ఉంది. ఎలివేషన్‌లో గీత ప్రకారం 6 అడుగులు వస్తోంది. రాసి ఉన్న కొలతను తీసుకుని నేను 5 అడుగులు చూపాను. ఆ సంగతి అప్పుడే మీకు తెలియజేసి ఉండవలసింది. ఈ రోజు ఉదయం ఇంజనీరుగారితో మాట్లాడాను, మీ అభిప్రాయం తెలుసుకుని ఒక కొలతను ఖరారు చేస్తామన్నారు. అంతవరకు దయచేసి ఆ కిటికీ చట్రానికి ఆర్డరు ఇవ్వవద్దు.
>
> సజ్జ విషయంలో పొరపాటు నాది. సెక్షన్ డ్రాయింగ్‌లో సజ్జ గోడ నుంచి 2 అడుగులు బయటికి ఉండగా, చిత్రంలో ఒకటిన్నర అడుగు మాత్రమే చూపాను. డ్రాయింగ్‌లోని 2 అడుగులే సరైనది.
>
> చిత్రంలో ఇంటి వెనుక కనిపించే కొండలను, ముందు గోడ మీది మధ్యాహ్నపు ఎండను అందం కోసం పెట్టాను. మన ఇల్లు ఉత్తర ముఖం కాబట్టి కొండలు ఇంటికి ఎదురుగా ఉంటాయి, వెనుక ఉండవు. ముందు గోడ మీద ఎండ వేసవి నెలల్లో ఉదయం, సాయంత్రం ఏటవాలుగా పడుతుంది; చలికాలంలో పడదు. తర్వాతి చిత్రంలో కొండలను తీసివేసి, జూన్ సాయంత్రం 5 గంటల వెలుగును పెడతాను.
>
> కిటికీ కొలత తెలిపిన తర్వాత రెండు రోజుల్లో సవరించిన రెండర్ 3 పంపుతాను. ఈ సవరణలకు అదనపు రుసుము లేదు. అంతవరకు రెండర్ 2 ను సైటులో ఎవరికీ ఇవ్వవద్దని, ఇప్పటికే ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోవాలని మనవి.
>
> ఇట్లు
> మీ విశ్వసనీయుడు

ఈ ఈమెయిల్‌లో లేని ఒక వాక్యం గురించి చెప్పాలి. "ఇది ఊహాచిత్రం మాత్రమే, నిజమైన కట్టడం మారవచ్చు" అన్న వాక్యాన్ని రెండర్ కింద చిన్న అక్షరాల్లో వేయడం వాడుకలో ఉంది. చిత్రం మీద అది ఉంటే ఉండనివ్వండి. కానీ ఒక నిర్దిష్టమైన ప్రశ్నకు సమాధానంగా ఆ వాక్యాన్ని రాస్తే, ఏది మారుతుందో ఏది మారదో చెప్పకుండా అన్నింటినీ అనుమానంలో పడేసినట్లవుతుంది. అలాగే "కట్టాక ఇలాగే ఉంటుంది" అన్న హామీ కూడా ఇవ్వకండి. హెడ్‌రూమ్ గురించి అలా చెప్పగలిగామంటే దానికి వెనుక కొలతలున్నాయి. పిట్టగోడను మేస్త్రీ నాలుగున్నర అంగుళాలు తగ్గించినా ఆ లెక్క కొద్దిగా మారుతుంది.

రుసుము సంగతిని ఈమెయిల్‌లోనే తేల్చేయండి. మీ పొరపాటుకూ, మీరు అడగకుండా తేల్చుకున్న కొలతకూ డబ్బు అడగకూడదు. ఎదురింటి బాల్కనీ నుంచి చూపిన చిత్రం వివరణ కోసం చేసిన చిన్న సైజు చిత్రమే గనుక దానికీ అడగకండి. అదే కోణంలో పూర్తి నాణ్యతతో కావాలని ఆయన కోరితే అప్పుడు దాని ధర వేరుగా చెప్పండి.

జతచేసేవి, పంపిన తర్వాత చేయవలసినవి

మూడు చిత్రాలకు మించి జతచేయకండి: చూపు గీతతో పక్క బొమ్మ, బాల్కనీ నుంచి చూసిన దృశ్యం, ఎలివేషన్‌ను మోడల్ మీద పరచిన చిత్రం. మూడవదానిలో కిటికీ దగ్గర ఒక ఎర్ర వలయం గీయండి, ఇంజనీరుకు అది చాలు. ఫైలు పేర్లలో రివిజన్ ఉండేలా చూడండి, ఉదాహరణకు `elevation_overlay_R2.jpg`. యజమాని వాట్సాప్‌లోనే అన్నీ చూసేవారైతే, ఈమెయిల్ పంపానని అక్కడ ఒక వాక్యం రాసి ఊరుకోండి. చిత్రాలను మాత్రమే అక్కడ పెడితే అవి వివరణ నుంచి విడిపోయి ఒంటరిగా ఊరంతా తిరుగుతాయి.

జవాబు చాలావరకు ఫోన్‌లోనే వస్తుంది. "ఆరడుగులే పెట్టేయండి" అని ఆయన అంటే, ఆ వెంటనే అదే ఈమెయిల్ కింద, ఇంజనీరు కాపీలో ఉండగా, రెండు వాక్యాలు రాయండి: హాలు కిటికీ 6 అడుగులని ఈ రోజు ఫోన్‌లో మీరు ఖరారు చేశారు, ప్లాన్‌ను, పట్టికను ఆ ప్రకారం సవరించి పంపవలసిందిగా ఇంజనీరుగారిని కోరుతున్నాను. సవరించిన షీటు చేతికి వచ్చేదాకా రెండర్ 3 మొదలుపెట్టకండి. నోటిమాట మీద మోడల్ మార్చి, డ్రాయింగ్ పాతదే ఉండిపోతే, రేపు మళ్లీ ఇదే ప్రశ్న తలకిందులుగా వస్తుంది.

రెండర్ 3 సిద్ధమయ్యాక చిత్రం కింది అంచున ఏ రివిజన్ డ్రాయింగ్ ప్రకారం చేశారో, ఏ తేదీన చేశారో, కొలతలకు డ్రాయింగే ఆధారమన్న మాటను చదవగలిగే సైజులో వేయండి. పంపిన రోజు సాయంత్రం వీలైతే సైటుకు ఒకసారి వెళ్లండి. షెడ్డు గోడ మీద పాత ప్రింటు ఉంటే మేస్త్రీని అడిగి తీయించి, కొత్తదాన్ని వర్కింగ్ డ్రాయింగ్ పక్కనే అంటించి రండి.